క్యాలెండర్ ఇన్వైట్ మారింది: అప్‌డేట్ ఒక్కటి చాలా, వేరే మెయిల్ కూడా పెట్టాలా?

పదిమందిని పిలిచిన మీటింగ్‌లో ఏదో ఒకటి మార్చి సేవ్ చేయబోతే క్యాలెండర్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ మార్పు సంగతి వాళ్లకు పంపాలా, వద్దా? గూగుల్ క్యాలెండర్‌లో “Send”, “Don't send” అనే బటన్లు వస్తాయి. ఔట్‌లుక్‌లో “Send Update” ఉంటుంది. చాలామంది చేతికి దగ్గరగా ఉన్నది నొక్కేసి తమ పనిలో పడిపోతారు. కానీ ఆ సమయంలో మన ముందు నాలుగు దారులు ఉంటాయి. ఎవరికీ చెప్పకుండా సేవ్ చేయడం ఒకటి. ఒక చిన్న మాట రాసి అప్‌డేట్ పంపడం రెండోది. అప్‌డేట్ పంపి, దాంతోపాటు విడిగా కొత్త మెయిల్ రాయడం మూడోది. పాత ఇన్వైట్ రద్దు చేసి కొత్తది పెట్టడం నాలుగోది.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఎక్కువ మార్పులకు రెండో దారి సరిపోతుంది. మీటింగ్ అనుకున్న సమయం కంటే ముందుకు వచ్చినా, మార్పు ఈరోజుకో రేపటికో సంబంధించినదైనా, మార్పు వల్ల ఎవరైనా మీటింగ్‌కు ముందే ఒక పని చేయాల్సి వచ్చినా మూడో దారి పట్టండి. మొదటిదీ నాలుగోదీ చాలా తక్కువసార్లు అవసరపడతాయి. ఇంకో అలవాటు కూడా కనిపిస్తుంది: క్యాలెండర్‌ను ముట్టుకోకుండా “టైమ్ మారింది” అని మెయిల్ ఒక్కటే పెట్టడం. అది మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఎందుకో తెలియాలంటే అప్‌డేట్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

అప్‌డేట్ ఎవరితో మాట్లాడుతుంది

మీరు పంపే ఇన్వైట్ మెయిల్‌లో మనుషులు చదివే మాటలతో పాటు, క్యాలెండర్లు చదివే చిన్న ఫైలు ఒకటి వెళ్తుంది. దాని పద్ధతిని 2009లో వచ్చిన RFC 5545 అనే ప్రమాణం నిర్ణయించింది. అందుకే ఒక కంపెనీ క్యాలెండర్ నుంచి పంపిన ఇన్వైట్ ఇంకో కంపెనీ క్యాలెండర్‌లో కూర్చోగలుగుతోంది. ఆ ఫైలులో మన విషయానికి పనికొచ్చే లైన్లు ఇవి:

```
METHOD:REQUEST
UID:review-june@example.com
SEQUENCE:1
```

మొదటి లైను ఇది మీటింగ్‌కు పిలుపు అని క్యాలెండర్‌కు చెబుతుంది. UID అనేది ఆ మీటింగ్‌కు పుట్టుకతో వచ్చిన గుర్తింపు. మీటింగ్ పేరు మారినా, సమయం మారినా అది మారదు. SEQUENCE అనేది ఎన్నో కూర్పో చెప్పే అంకె. మొదటి ఇన్వైట్‌లో 0 ఉంటుంది, సమయం లాంటి ముఖ్యమైన సంగతి మార్చినప్పుడు పెరుగుతుంది. అవతలివాళ్ల క్యాలెండర్ ఈ రెండూ చూసి, “ఈ మీటింగ్ నా దగ్గర ఉన్నదే, ఇది దాని కొత్త కూర్పు” అని తెలుసుకుని పాతదాని స్థానంలో కొత్తది పెడుతుంది. రిమైండర్ కూడా కొత్త సమయానికి మారుతుంది. వేరే టైమ్ జోన్‌లో ఉన్నవాళ్లకు వాళ్ల గడియారం ప్రకారమే కనిపిస్తుంది. ఈ పనుల్లో ఏదీ మామూలు మెయిల్ చేయలేదు. “బుధవారం 11 గంటలకు” అని మెయిల్‌లో రాస్తే అది ఎవరి 11 గంటలో చదివేవాళ్లే ఊహించుకోవాలి. పైగా వాళ్ల క్యాలెండర్‌లో పాత సమయం అలాగే ఉండిపోతుంది, పాత సమయానికే రిమైండర్ మోగుతుంది. మెయిల్ చదివి సరే అనుకున్న మనిషి కూడా మూడు రోజుల తర్వాత క్యాలెండర్‌నే నమ్ముతాడు.

పాత మీటింగ్ డిలీట్ చేసి అదే పేరుతో కొత్తది పెడితే ఎందుకు గందరగోళం అవుతుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. కొత్తదానికి కొత్త UID వస్తుంది కాబట్టి అవతలి క్యాలెండర్ దృష్టిలో అది వేరే మీటింగ్. రద్దు నోటీసు సరిగా అందని చోట పాతదీ కొత్తదీ రెండూ పక్కపక్కనే ఉండిపోతాయి. సమయం మార్చడానికి ఇన్వైట్‌ను ఎడిట్ చేయాలే తప్ప మళ్లీ పుట్టించకూడదు.

అయితే క్యాలెండర్‌కు చెప్పినంత మాత్రాన మనిషికి చెప్పినట్టు కాదు. గూగుల్ క్యాలెండర్ నుంచి వెళ్లే అప్‌డేట్ మెయిల్ సబ్జెక్ట్ “Updated invitation:” అని మొదలవుతుంది. అలాంటివి రోజుకు చాలా వచ్చే ఇన్‌బాక్స్‌లో మీది ఇంకొకటి, అంతే. సమయం మారినా, వివరణలో ఒక అక్షరం మారినా సబ్జెక్ట్ మొదట్లో ఉండేది అదే మాట. ఈ మెయిల్సే వద్దనుకునేవాళ్లూ ఉంటారు. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో “Changed events” అనే చోట “None” పెట్టుకుంటే మార్పుల మెయిల్స్ రావు. ఔట్‌లుక్ వాడే పెద్ద అధికారుల్లో కొందరికి మీటింగ్ మెయిల్స్ నేరుగా రావు, వాళ్ల సహాయకులకు వెళ్తాయి. ఇవన్నీ కలిపితే మీరు అప్‌డేట్ పంపారు, క్యాలెండర్ మారింది, కానీ మారిన సంగతి ఆ మనిషికి తెలియకపోవచ్చు.

కాబట్టి నిర్ణయించుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. పిలిచిన మనిషి మెయిల్స్ ఏవీ చదవలేదనుకుందాం. మీటింగ్ రోజు పొద్దున క్యాలెండర్ మాత్రమే చూసుకున్నాడు. అప్పటికి అతను సరిగ్గా చేయాల్సింది చేయగలడా? చేయగలిగితే అప్‌డేట్ చాలు. చేయలేకపోతే విడిగా మెయిల్ రాయాలి.

చెప్పకుండా సేవ్ చేయడం: అనుకున్నంత అమాయకమైనది కాదు

మీటింగ్ పేరులో అచ్చు తప్పు దిద్దారు, వివరణలో ఒక వాక్యం సరిచేశారు. ఇలాంటివాటికి అందరికీ మెయిల్ పంపి విసిగించడం దేనికి అనిపిస్తుంది. న్యాయమే. కానీ “Don't send” నొక్కితే ఏం జరుగుతుందన్నది క్యాలెండర్‌ను బట్టి మారుతుంది.

గూగుల్ క్యాలెండర్‌లో పిలిచినవాళ్లందరూ గూగుల్ క్యాలెండరే వాడుతుంటే మార్పు వాళ్లకూ కనిపిస్తుంది, మెయిల్ మాత్రం రాదు. బయటి క్యాలెండర్ వాడేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు మార్పును మోసుకెళ్లేదే ఆ మెయిల్. అది వెళ్లకపోతే వాళ్ల దగ్గర పాతదే ఉంటుంది. డెవలపర్ల కోసం రాసిన పత్రాల్లో గూగుల్ కూడా ఈ హెచ్చరిక ఇస్తుంది: నోటిఫికేషన్లు పూర్తిగా ఆపేస్తే బయటి క్యాలెండర్లతో ఈవెంట్ కలవకపోవచ్చు, కొందరి దగ్గర ఈవెంట్ అసలు లేకుండానే పోవచ్చు అని.

ఔట్‌లుక్‌లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ నిర్వాహకుడి దగ్గర ఉన్న మీటింగ్ ఒక కాపీ, పిలిచిన ప్రతి ఒక్కరి దగ్గర ఉన్నది వేరే కాపీ. అప్‌డేట్ పంపకుండా సేవ్ చేస్తే మీ కాపీ ఒక్కటే మారుతుంది. మీ తెర మీద 11 గంటలు, వాళ్ల తెర మీద 3 గంటలు. ఎవరికి వాళ్లు సరిగ్గానే ఉన్నామనుకుంటారు కాబట్టి తేడా బయటపడేది మీటింగ్ మొదలయ్యే వేళకే.

అందుకే నేను పెట్టుకున్న హద్దు ఇది: సమయం, తేదీ, చోటు, చేరాల్సిన లింకు, ఈ నాలుగింటిలో ఏది మారినా చెప్పకుండా సేవ్ చేయకూడదు. అవి కాకుండా అవతలివాళ్లు చూసినా చూడకపోయినా ఫర్వాలేని మార్పైతేనే మెయిల్ లేకుండా వదిలేయొచ్చు.

ఒక మాట రాసి అప్‌డేట్ పంపడం

మామూలు రోజుల్లో మీ పని ఎక్కువగా దీనితోనే నడవాలి. మీటింగ్ వచ్చే వారం ఉంది, మధ్యాహ్నం 2 గంటల నుంచి 2:30కి జరిపారు. పక్క గదికి మార్చారు. వీడియో లింకు కొత్తది పెట్టారు. వీటిలో దేనికైనా మీటింగ్ సమయానికి క్యాలెండర్ తెరిచిన మనిషి సరైన చోటికే వెళ్తాడు. వేరే మెయిల్ అక్కర్లేదు.

కానీ ఖాళీ అప్‌డేట్ మాత్రం పంపకండి. గూగుల్ క్యాలెండర్‌లో “Send” నొక్కే ముందు సందేశం రాసుకోవడానికి ఒక పెట్టె ఉంటుంది. ఔట్‌లుక్‌లో ఇన్వైట్ లోపల రాసే భాగం ఉంటుంది, అందులో పాత వివరణ కింద కాకుండా అన్నింటికీ పైన రాయాలి. ఒక్క వాక్యం చాలు: “గది మాత్రమే మారింది, సమయం అదే.” ఈ వాక్యంలోని రెండో సగం చాలా పనికొస్తుంది. అప్‌డేట్ చూసినవాళ్లకు మొదట వచ్చే సందేహం టైమ్ ఏమైనా మారిందా అనే. ఏది మారలేదో కూడా చెబితే వాళ్లు ఇన్వైట్ తెరిచి పాతదీ కొత్తదీ పోల్చుకునే పని తప్పుతుంది.

మీటింగ్ ఈరోజే ఉండి గది మారితే, విడిగా మెయిల్ రాయడంతో పాటు గది పేరును మీటింగ్ పేరులోనే పెట్టేయడం మంచిది: “వారపు సమీక్ష, 4వ అంతస్తు గది”. ఫోన్ మీద రిమైండర్ వచ్చినప్పుడు అందరి కంటికీ ముందు కనిపించేది పేరే. నడుచుకుంటూ వెళ్లేవాళ్లు వివరణ దాకా పోరు.

అప్‌డేట్లతో వచ్చే ఇంకో చిక్కు వాటి సంఖ్య. పొద్దున సమయం మార్చి ఒకటి, గది దొరికాక ఇంకొకటి, అజెండా పెట్టి మరొకటి పంపితే మూడోది ఎవరూ తెరవరు. మూడోదానిలోనే అసలు సంగతి ఉంటే అది పోయినట్టే. అన్నీ ఖాయమయ్యేదాకా ఆగి ఒకేసారి పంపండి. కొత్తగా ఒక మనిషిని చేర్చడానికైతే ఔట్‌లుక్ దారి చూపిస్తుంది: “Send updates only to added or deleted attendees” అన్నది ఎంచుకుంటే చేరినవాళ్లకు, తీసేసినవాళ్లకు మాత్రమే వెళ్తుంది, మిగతావాళ్ల ఇన్‌బాక్స్ జోలికి పోదు.

విడిగా కొత్త మెయిల్ ఎప్పుడు

ముందుగా చూడాల్సింది మార్పు ఏ దిక్కుకు జరిగిందని. గంట వెనక్కి జరిపినా, గంట ముందుకు తెచ్చినా మారింది గంటే అనిపిస్తుంది. కానీ నష్టం ఒకటి కాదు. 3 గంటల మీటింగ్ 4కు వాయిదా పడితే, సంగతి తెలియని మనిషి 3కే వచ్చి ఖాళీ గది చూసి, క్యాలెండర్ తెరిచి విషయం గ్రహిస్తాడు. ఒక గంట పోతుంది, మీటింగ్ పోదు. అదే 3 గంటల మీటింగ్ 11కు వస్తే, తెలియని మనిషికి తెలిసేసరికి మీటింగ్ అయిపోయి ఉంటుంది. 11 గంటలకు క్యాలెండర్ రిమైండర్ మోగుతుంది కదా అనొచ్చు. మోగుతుంది, కానీ అప్పటికి అతను వేరే మీటింగ్‌లోనో, దారిలోనో, సెలవు పూటలోనో ఉండొచ్చు. అందుకే మీటింగ్ ముందుకు వచ్చిందంటే, అది అరగంటే అయినా, నేను విడిగా మెయిల్ రాస్తాను.

రెండోది, మీటింగ్ కంటే ముందే చేయాల్సిన పని మారినప్పుడు. ఫైలు ఇవ్వాల్సిన గడువు, చదువుకుని రావాల్సిన పత్రం, ప్రయాణం టికెట్, బయటి కంపెనీ మనిషికి గేటు దగ్గర పాస్. ఇవేవీ క్యాలెండర్‌లోని ఆ చిన్న గడిలో కనిపించవు. క్యాలెండర్ ఎక్కడికి, ఎప్పుడు రావాలో చెబుతుంది, వచ్చేలోపు ఏం చేయాలో చెప్పదు. ఆన్‌లైన్‌లో అనుకున్న మీటింగ్ నేరుగా కలిసేదిగా మారడం కూడా ఈ కోవలోదే. చోటు అన్న గడిలో మారింది ఒక్క లైనే, కానీ కొందరికి అది ఒక రోజు ప్రయాణం.

మూడోది, మీటింగ్ ఉద్దేశమే మారినప్పుడు. చర్చ కోసం పెట్టినది నిర్ణయం తీసుకునే మీటింగ్ అయితే, రావడం తప్పనిసరి కాదనుకున్నవాళ్లు మళ్లీ ఆలోచించుకోవాలి. వివరణలో ఒక లైను మార్చి అప్‌డేట్ పంపితే ఆ సంగతి ఎవరికీ తట్టదు.

ఇవి కాకుండా ఒక సందర్భం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మీ ఇన్వైట్‌ను ఎవరో ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి ఉండొచ్చు, లేదా దాని ఫైలును డౌన్‌లోడ్ చేసి తమ క్యాలెండర్‌లో పెట్టుకుని ఉండొచ్చు. అలా వచ్చినవాళ్ల పేరు మీ జాబితాలో లేకపోతే మీరు ఎన్ని అప్‌డేట్లు పంపినా వాళ్లకు చేరవు. వాళ్ల దగ్గర ఉన్నది ఆ రోజు తీసిన నకలు మాత్రమే. పోయిన మీటింగ్‌లో జాబితాలో లేని ముఖం ఏదైనా కనిపించి ఉంటే, ఈసారి మార్పుకు మెయిల్ రాసి, ఫార్వర్డ్ చేసినవాళ్లు దాన్ని కూడా పంపాలని అడగండి. అంతకంటే మంచిది ఆ మనిషిని జాబితాలోనే చేర్చడం.

ఒక మార్పు, మొదటి నుంచి చివరిదాకా

ఒక సందర్భం తీసుకుందాం. మూడు నెలల పనిపై సమీక్ష, గురువారం జూన్ 11న మధ్యాహ్నం 3 గంటలకు. పిలిచినవాళ్లు తొమ్మిది మంది, అందులో ఇద్దరు బయటి కంపెనీవాళ్లు. లోపలివాళ్లలో ముగ్గురు తమ విభాగాల లెక్కలను బుధవారం సాయంత్రంలోగా ఇవ్వాలి. సోమవారం పొద్దున తెలిసిందేమిటంటే, నిర్ణయం తీసుకోవాల్సిన డైరెక్టర్ గురువారం అందుబాటులో ఉండరు. మీటింగ్ బుధవారం ఉదయం 11 గంటలకు రావాలి.

పైన చెప్పినవాటిలో రెండు ఇక్కడే ఉన్నాయి: మీటింగ్ ముందుకు వచ్చింది, లెక్కల గడువు కూడా ముందుకు రావాలి. అంటే అప్‌డేట్ కూడా కావాలి, మెయిల్ కూడా కావాలి. ఏది ముందు?

అప్‌డేటే ముందు. మెయిల్ చదివినవాళ్లు వెంటనే చేసే పని క్యాలెండర్ తెరిచి చూడడం. అక్కడ ఇంకా గురువారమే ఉంటే మెయిల్‌ను నమ్మాలో క్యాలెండర్‌ను నమ్మాలో తెలియక టెన్షన్ పడతారు. “టైమ్ ఖాయమేనా?” అని నలుగురు అడుగుతారు, ఒకరిద్దరు తామే విడిగా బుధవారం గడి పెట్టుకుంటారు. తర్వాత మీ అప్‌డేట్ వస్తే ఒకే మీటింగ్ రెండుసార్లు కనిపిస్తుంది. కాబట్టి ముందు ఇన్వైట్ ఎడిట్ చేసి, “సమయం మారింది, వివరాలతో మెయిల్ వస్తోంది” అని ఒక లైను రాసి పంపండి. ఐదు పది నిమిషాల్లో మెయిల్ పంపండి. మధ్యలో ఇంకో పని పెట్టుకోకండి.

ఆ మెయిల్‌ను పాత ఇన్వైట్ మెయిల్‌కు రిప్లైగా రాయకూడదు. గూగుల్ ఇన్వైట్ సబ్జెక్ట్‌లోనే తేదీ, సమయం ఉంటాయి. దానికి రిప్లై కొడితే మీ కొత్త కబురు పైన “Thu Jun 11” అనే పాత తేదీ కూర్చుంటుంది. ఇన్‌బాక్స్ జాబితాలో పైపైన చూసేవాళ్లకు కనిపించేది అదే, కింద మీరు ఏం రాసినా. అందుకే కొత్త మెయిల్, కొత్త సబ్జెక్ట్. గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్ తెరిస్తే పిలిచిన అందరికీ ఒకేసారి మెయిల్ రాసే గుర్తు కనిపిస్తుంది, ఔట్‌లుక్‌లో “Contact Attendees” కింద “New Email to Attendees” ఉంటుంది. అడ్రసులు ఒక్కొక్కటిగా కొట్టుకుంటే ఎవరో ఒకరు తప్పిపోతారు, ఇలా అయితే తప్పిపోరు. సబ్జెక్ట్ మాత్రం అక్కడ వచ్చినదాన్ని అలాగే వదిలేయకుండా మీరు మార్చాలి.

మెయిల్ ఇలా ఉండొచ్చు:

> సబ్జెక్ట్: సమీక్ష మీటింగ్ బుధవారం (జూన్ 10) ఉదయం 11కు మారింది, లెక్కలు మంగళవారం సాయంత్రానికి కావాలి
>
> అందరికీ నమస్కారం.
>
> గురువారం (జూన్ 11) మధ్యాహ్నం 3 గంటలకు అనుకున్న సమీక్ష మీటింగ్‌ను బుధవారం (జూన్ 10) ఉదయం 11 గంటలకు మార్చాం. గురువారం డైరెక్టర్ గారు అందుబాటులో ఉండరు. గది, లింకు మారలేదు. క్యాలెండర్‌లో ఇప్పటికే మార్చాను.
>
> లెక్కలు ఇవ్వాల్సిన మూడు విభాగాలవాళ్లు బుధవారం సాయంత్రం బదులు మంగళవారం సాయంత్రం 5 గంటల లోపు పంపండి.
>
> కొత్త సమయం కుదరనివాళ్లు ఈరోజు సాయంత్రం లోపు నాకు చెప్పండి. కుదిరేవాళ్లు క్యాలెండర్‌లో అంగీకారం నొక్కితే చాలు. ఈ ఇన్వైట్‌ను ఇంకెవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే ఈ మెయిల్ కూడా పంపగలరు.

పాత తేదీ, కొత్త తేదీ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. కొత్తది మాత్రమే రాస్తే, ఇది అదనంగా వచ్చిన మీటింగా, మారినదా అన్న అనుమానం వస్తుంది. వారం పేరు, తేదీ పక్కపక్కనే రాయడం కూడా కావాలనే చేసింది. ఒకటి తప్పు పడితే రెండోది దాన్ని పట్టిస్తుంది. కారణం ఒక్క వాక్యంలో ఉంది. అంతకంటే పొడిగిస్తే గడువు మారిన సంగతి కింద కనిపించకుండా పోతుంది. బయటివాళ్లిద్దరూ వేరే టైమ్ జోన్‌లో ఉంటే, ఉదయం 11 పక్కన అది ఎక్కడి సమయమో రాయాలి.

సోమవారం సాయంత్రం ఇన్వైట్ తెరిచి పిలిచినవాళ్ల జాబితా చూడండి. సమయం మార్చి పంపినప్పుడు చాలా క్యాలెండర్లు పాత అంగీకారాలను పక్కన పెట్టి మళ్లీ అడుగుతాయి, అన్నీ అలా చేస్తాయని మాత్రం అనుకోకండి. జాబితాలో “అవును” కనిపిస్తే అది కొత్త సమయానికి చెప్పిందేనా, పాతదేనా అని ఒకసారి ఆలోచించాలి. తొమ్మిది మందిలో ఆరుగురు మార్పు తర్వాత జవాబిచ్చారనుకుందాం. మిగిలిన ముగ్గురికి మళ్లీ అందరితో కలిపి మెయిల్ పెట్టకండి. చూసిన ఆరుగురికి అది విసుగు, చూడని ముగ్గురు మళ్లీ చూడకపోవచ్చు. వాళ్లను చాట్‌లోనో ఫోన్‌లోనో విడివిడిగా అడగండి. ముగ్గురిలో లెక్కలు ఇవ్వాల్సినవాళ్లు ఉంటే ముందు వాళ్లకే చేయండి.

ప్రతి వారం జరిగే మీటింగ్‌లు

వరుసగా జరిగే మీటింగ్‌లో ఒక్క వారం మార్చాలంటే గూగుల్ క్యాలెండర్ మూడు దారులు చూపిస్తుంది: “This event”, “This and following events”, “All events”. ఒక్క వారానికే అయితే మొదటిది ఎంచుకుని ఒక మాటతో అప్‌డేట్ పంపితే చాలు. “ఈ వారం మాత్రమే” అని రాయడం మరవకండి, లేకపోతే ఇక నుంచి ఇదే సమయం అనుకునేవాళ్లు ఉంటారు.

ఎప్పటికీ మారుతుంటే రెండోదాన్ని ఎంచుకోండి. అది పాత వరుసను అక్కడితో ఆపి, కొత్త వరుసను మొదలుపెడుతుంది, జరిగిపోయిన మీటింగ్‌ల చరిత్ర అలాగే ఉంటుంది. “All events” పెడితే జరిగిపోయినవి కూడా కదులుతాయి. ఔట్‌లుక్‌లో మొత్తం వరుస సమయం మారిస్తే, మధ్యలో ఒక్కో వారానికి విడిగా చేసిన మార్పులు పోతాయని అదే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక వచ్చినప్పుడు ఆగి, ముందున్న వారాల్లో ఏవి విడిగా మార్చారో రాసిపెట్టుకుని, తర్వాత మళ్లీ సరిచేయండి.

వరుస మొత్తం మారినప్పుడు నేను ఎప్పుడూ విడిగా మెయిల్ రాస్తాను, మార్పు చిన్నదైనా సరే. జనం ఇలాంటి మీటింగ్‌లకు క్యాలెండర్ చూసి రారు, అలవాటు కొద్దీ వస్తారు. ఏ తేదీ నుంచి కొత్త సమయం మొదలో మెయిల్‌లో చెప్పాలి, మొదటి కొత్త మీటింగ్ ముందు రోజు చాట్‌లో ఇంకోసారి గుర్తు చేయాలి.

రద్దు చేసి కొత్తది పెట్టడం

రెండు సందర్భాల్లోనే ఇది సరైన పని. విషయం, మనుషులు రెండూ మారిపోయి పాత మీటింగ్‌లో మిగిలిందేమీ లేనప్పుడు ఒకటి. మీటింగ్ పెట్టిన మనిషి ఉద్యోగం మారి వెళ్లిపోతున్నప్పుడు ఇంకొకటి. గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్‌ను ఇంకొకరి పేరుకు బదిలీ చేసే వీలుంది, ఔట్‌లుక్‌లో మీటింగ్ నిర్వాహకుడిని మార్చే పద్ధతి లేదని అనుకుని నడుచుకోవడమే క్షేమం. వెళ్లేవాళ్లు ఉండగానే వరుసను ఆపి, కొత్త మనిషి చేత కొత్తది పెట్టించాలి. వాళ్లు వెళ్లిపోయాక పాతదాన్ని ఎవరూ మార్చలేని స్థితి వస్తుంది.

ఈ దారిలో మెయిల్ ముందు వెళ్లాలి, ఇక్కడ మాత్రం క్రమం తిరగబడుతుంది. రద్దు నోటీసు చూసినవాళ్లు ఆ సమయం ఖాళీ అయిందనుకుని వెంటనే ఇంకో పని ఒప్పుకుంటారు. “పాతది రద్దవుతుంది, కొత్త ఇన్వైట్ వెంటనే వస్తుంది, ఆ సమయం ఖాళీగా ఉంచండి” అని ముందు చెప్పి, కొత్త ఇన్వైట్ పంపి, ఆ తర్వాత పాతది రద్దు చేయండి.

మార్పు మరీ చివరి నిమిషంలో వస్తే, అంటే మీటింగ్‌కు గంట రెండు గంటలే ఉంటే, అప్‌డేట్ మీదా మెయిల్ మీదా ఆధారపడకండి. అప్‌డేట్ అయితే పంపాలి, క్యాలెండర్ తప్పుగా ఉండకూడదు కాబట్టి. పంపిన వెంటనే, ఎవరు రాకపోతే మీటింగ్ జరగదో వాళ్లకు, ఇప్పటికే దారిలో ఉండే అవకాశమున్న బయటివాళ్లకు ఫోన్ చేయండి. మిగిలినవాళ్లకు చాట్‌లో ఒక లైను సరిపోతుంది.